ఎరువుల షాపు: 44ఏడీలోనే ఉండాలా, పూర్తి లెక్కలు రాస్తే పన్ను తగ్గుతుందా?

నాగరాజు (కళ్యాణదుర్గం) · 2026 ఫిబ్రవరి 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కళ్యాణదుర్గంలో ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల షాపు మాది. నాన్న పెట్టింది, పదకొండేళ్లుగా నేనే చూసుకుంటున్నా. పోయిన మూడేళ్లూ ఇన్‌కమ్ ట్యాక్స్ 44ఏడీ సెక్షన్ కింద, అంటే టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపించి రిటర్న్ వేశాం. పెద్దగా ఆలోచించింది లేదు. రిటర్న్ వేసే కుర్రాడు అడిగిన కాగితాలు ఇచ్చేవాణ్ణి, వేసేసేవాడు.

ఈ ఏడు వర్షాలు కలిసొచ్చి వ్యాపారం బాగానే జరిగింది. మార్చి 31 దాకా అంచనా వేసుకుంటే జీఎస్టీ తీసేసి 1 కోటి 80 లక్షలు అవుతుంది. అందులో ఫోన్‌పే, బ్యాంకు ద్వారా వచ్చింది 55 లక్షలు, మిగతాది 1 కోటి 25 లక్షలు. 55 లక్షల మీద 6%, మిగతా దాని మీద 8% వేస్తే లాభం 13 లక్షల 30 వేలట. పన్ను 82,680 వస్తుందన్నాడు మా కుర్రాడు.

నిజంగా నాకు మిగిలేది ఆరున్నర లక్షలు. 266 రూపాయల 50 పైసల యూరియా బస్తా అమ్మితే నాకు ఇరవై రూపాయలు మిగులుతుందని ప్రభుత్వం అనుకుంటోందన్నమాట. అంత మిగిలితే నేనెందుకు ఇక్కడ కూర్చుంటా? పురుగుమందుల మీదే కాస్త మార్జిన్, ఎరువులు రైతు షాపుకి రావడానికి పెట్టుకున్నట్టే.

పూర్తిగా బుక్స్ రాసి అసలు లాభం చూపిస్తే పన్నే ఉండదని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? మారాలా వద్దా?

---

సుబ్బు_ట్రేడర్స్ (కర్నూలు) · ఫిబ్రవరి 14, రాత్రి 10:05

అన్నా, దీనికి బుక్స్ దాకా ఎందుకు? క్యాష్ వచ్చింది వచ్చినట్టు ఏ రోజుకారోజు కరెంట్ అకౌంట్‌లో వేసెయ్. బ్యాంకులోకి వచ్చినాక అంతా బ్యాంకు డబ్బే కదా, 6% లెక్క. 1.80 కోట్ల మీద 6% అంటే 10 లక్షల 80 వేలు. కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను సున్నా. అయిపాయె.

నేను రెండేళ్లుగా ఇదే చేస్తున్నా. ఎవరూ అడగలేదు.

---

గాజుల కొట్టు వాణి (కడప) · ఫిబ్రవరి 14, రాత్రి 10:31

నాగరాజు గారూ, మీరు 6, 8 శాతం ఎందుకు కడుతున్నారు? నేను టర్నోవర్ మీద 1% కడుతున్నా అంతే. మూడు నెలలకోసారి కట్టేయడమే. కోటిన్నర దాకా ఆ స్కీమే ఉంది కదా. మీ కుర్రాడికి తెలియదేమో అడగండి.

---

పద్మజ (అకౌంట్స్, అనంతపురం) · ఫిబ్రవరి 15, ఉదయం 7:15

ముగ్గురికీ సమాధానం చెప్పాలి, ఒక్కొక్కటిగా చెప్తా.

వాణి గారూ, మీరు కట్టేది జీఎస్టీ, కాంపోజిషన్ స్కీమ్ కింద. ఇక్కడ మాట్లాడుతున్నది ఇన్‌కమ్ ట్యాక్స్. రెండూ వేరే. ఇంకోటి, నాగరాజు గారు 6, 8 శాతం పన్ను కట్టడం లేదు. అంత లాభం వచ్చిందని చూపిస్తున్నారు, ఆ లాభం మీద స్లాబుల ప్రకారం పన్ను. జీఎస్టీ కట్టేశాం కాబట్టి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ అక్కర్లేదని మీరు అనుకుంటూ ఉంటే మాత్రం వేరే పోస్టు పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

సుబ్బు గారూ, మీరు చెప్పింది తప్పు. 6% దేనికంటే కొన్నవాడి దగ్గర్నుంచి మీకు డబ్బు ఏ రూపంలో వచ్చింది అన్నదానికి. అకౌంట్ పేయీ చెక్కు, డీడీ, యూపీఐ, కార్డు, నెఫ్ట్ లాంటివైతే 6%. రైతు మీ చేతికి నోట్లిచ్చాడంటే అది క్యాషే, సాయంత్రం మీరు బ్యాంకులో వేసినా, ఇంట్లో బీరువాలో పెట్టినా 8%. పైగా ఆ డిపాజిట్లన్నీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 'క్యాష్ డిపాజిట్' అనే పడతాయి. స్క్రూటినీ వస్తే ముందు చూసేది అదే. రెండేళ్లు అడగలేదంటే ఇంకా అడగలేదని అర్థం, అంతే.

నాగరాజు గారూ, మీకు చెప్పేముందు మూడు సంగతులు కావాలి. ఆరున్నర లక్షలు ఎలా వచ్చిందో విడిగా రాయండి. మీ పేమెంట్లలో క్యాష్ ఎంత ఉంటుందో చెప్పండి. ఆ 1 కోటి 25 లక్షల్లో నిజంగా చేతికి వచ్చిన క్యాష్ ఎంత, ఇంకా రావాల్సిన ఉద్దర ఎంత?

---

నాగరాజు (కళ్యాణదుర్గం) · ఫిబ్రవరి 15, మధ్యాహ్నం 2:20

అక్కా, ఆదివారం కాబట్టి కూర్చుని తీశా.

సరుకు మీద మిగిలింది 14 లక్షల 20 వేలు. అందులో షాపు, గోడౌన్ బాడుగ 1 లక్షా 44 వేలు. ఇద్దరు పనోళ్ల జీతం 2 లక్షల 40 వేలు. బ్యాంకు ఓడీ మీద వడ్డీ 2 లక్షల 10 వేలు. బాడుగ లారీ, హమాలీ 90 వేలు. కరెంటు, ఫోను, చిల్లర మల్లర 50 వేలు. ర్యాకులు, ఇన్వర్టర్, కంప్యూటర్ మీద తరుగుదల 35 వేలు అని కుర్రాడు వేశాడు. పోను 6 లక్షల 51 వేలు.

కంపెనీలకు, హోల్‌సేలర్లకు కట్టేదంతా ఆర్టీజీఎస్సే. హమాలీ, లారీ మాత్రం క్యాష్.

1 కోటి 25 లక్షల్లో 42 లక్షలు ఉద్దర. శనక్కాయ అమ్మినాక ఇస్తామన్నోళ్లు కొందరు ఇంకా ఇవ్వలేదు, రబీకి తీసుకున్నోళ్లు ఏప్రిల్, మేలో ఇస్తారు. ఇంకో 15 లక్షలు ఇప్పటి నుంచి మార్చి ఆఖరు దాకా జరుగుతుందని అంచనాగా వేసింది, దాన్నీ క్యాష్ కిందే వేశా. ఎట్లాగూ మా దగ్గర క్యాషే ఎక్కువ కదా అని.

---

పద్మజ (అకౌంట్స్, అనంతపురం) · ఫిబ్రవరి 15, సాయంత్రం 6:50

అనుమానం వచ్చే అడిగా. మీ లెక్కలో తేడా అక్కడుంది.

ముందు మీ ఫ్రెండ్ మాట తేలుద్దాం. బుక్స్ రాస్తే మీ లాభం 6 లక్షల 51 వేలు, కొత్త పద్ధతిలో పన్ను సున్నా. అంతవరకు నిజం. కానీ మీ టర్నోవర్ కోటి దాటింది. 44ఏడీ వదిలేస్తే కోటి దాటినవాళ్లకి ట్యాక్స్ ఆడిట్ తప్పదు. రాబడిలోనూ చెల్లింపుల్లోనూ క్యాష్ 5% దాటకపోతే ఆ పరిమితి 10 కోట్ల దాకా పెరుగుతుంది గానీ, మీ రాబడిలో సగం దాకా క్యాషే. కాబట్టి మీకు ఆడిట్ ఖాయం. ఆడిట్ ఫీజు, నెలనెలా బుక్స్ రాసే మనిషి జీతం కలిపి మీ వైపు ఎంతవుతుంది?

రెండోది ఇంకా బరువైంది. మీరు మూడేళ్లు 44ఏడీలో ఉన్నారు. ఒకసారి అందులో చేరాక ఐదేళ్లలోపు తక్కువ లాభం చూపించి బయటికొస్తే, ఆ తర్వాత ఐదేళ్లు మళ్లీ అందులోకి రానివ్వరు. ఆ ఐదేళ్లలో కరువొచ్చి మీ టర్నోవర్ 60 లక్షలకు పడిపోయినా సరే, ఆదాయం 4 లక్షల కనీస పరిమితి దాటితే ఆడిట్ చేయించాల్సిందే. అంటే ఇది ఈ ఒక్క ఏడాది 82,680 లెక్క కాదు.

---

నాగరాజు (కళ్యాణదుర్గం) · ఫిబ్రవరి 15, రాత్రి 8:10

ఆడిట్‌కి ముప్పై వేలు అడుగుతున్నారు అక్కా. బుక్స్ రాసే అబ్బాయి నెలకు మూడు వేలంటున్నాడు. మొత్తం 66 వేలు. అంటే మిగిలేది 16 వేలా? దానికోసం ఐదేళ్లు తాడు మెడకేసుకోవాలా?

---

మహబూబ్_ఏజెన్సీస్ (కర్నూలు) · ఫిబ్రవరి 15, రాత్రి 9:25

నాగరాజన్నా, నా సంగతి చెప్తా, నీకు పోలిక దొరుకుతుంది. మాది సబ్బులు, బిస్కెట్ల డిస్ట్రిబ్యూషన్. టర్నోవర్ 2 కోట్ల 60 లక్షలు. కొట్లవాళ్లు మాకు కట్టేది యూపీఐ, చెక్కు. మేం కంపెనీకి కట్టేది బ్యాంకు. క్యాష్ రెండువైపులా 5% లోపే. కాబట్టి 3 కోట్ల దాకా 44ఏడీ నాకూ వర్తిస్తుంది. కానీ మాకు మిగిలేది 3%. 44ఏడీకి పోతే 6% చొప్పున 15 లక్షల 60 వేలు లాభమనాలి, పన్ను లక్షా పద్దెనిమిది వేల పైన. బుక్స్ ప్రకారం 7 లక్షల 80 వేలు, పన్ను సున్నా.

క్యాష్ లేదు కాబట్టి ఆడిట్ లేదు. మొదటి నుంచీ 44ఏడీ వైపు పోలేదు కాబట్టి ఐదేళ్ల తంటా లేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే బుక్స్ వస్తాయి. నాకు బుక్సే మేలు. నీకూ నాకూ మార్జిన్‌లో పెద్ద తేడా లేదు చూడు. తేడా అంతా క్యాష్ దగ్గరే.

---

సుబ్బు_ట్రేడర్స్ (కర్నూలు) · ఫిబ్రవరి 15, రాత్రి 9:50

8% కంటే తక్కువ చూపిస్తే ఎవరికైనా ఆడిట్ కంపల్సరీ భాయ్. నువ్వు చేయించట్లేదంటే రేపు నోటీసు వస్తది.

---

పద్మజ (అకౌంట్స్, అనంతపురం) · ఫిబ్రవరి 16, ఉదయం 7:05

సుబ్బు గారూ, మీరు చెప్పేది ఒకప్పటి రూలు. 2016 బడ్జెట్‌లో దాన్ని మార్చారు. ఇప్పుడు తక్కువ లాభం చూపించినందుకు ఆడిట్ పడేది 44ఏడీలో ఉండి మధ్యలో బయటికొచ్చినవాళ్లకి. మహబూబ్ గారు ఎప్పుడూ అందులో లేరు, టర్నోవర్ పరంగానూ 10 కోట్ల లోపే, క్యాష్ 5% లోపే. ఆయన దారి సరైనదే. అయితే ఆ 5% చెల్లింపులకూ ఉందని మర్చిపోవద్దు మహబూబ్ గారూ. జీతాలు, వ్యాన్ డీజిల్ క్యాష్‌లో ఇస్తూ పోతే మార్చికి ఎక్కడ తేలతారో ఏటా చూసుకోండి.

ఇక నాగరాజు గారి అసలు లెక్క.

ఉద్దర 42 లక్షలు మీరు 8% కింద వేశారు. అది ఇంకా రాలేదు, అప్పుడే క్యాష్ అని రాసేశారు. చట్టం ఏమంటుందంటే, ఈ ఏడాది అమ్మకానికి సంబంధించిన డబ్బు ఈ ఏడాదిలో గానీ, రిటర్న్ వేయాల్సిన గడువు తేదీ లోపు గానీ బ్యాంకు ద్వారా, యూపీఐ ద్వారా వస్తే దానికి 6%. రబీ బాకీలు ఏప్రిల్, మేలో వస్తాయంటున్నారు. సమయం ఉంది. ఆ రైతులందరూ ఫోన్‌పేకో, బ్యాంకుకో వేస్తే 42 లక్షలు 6% కిందకి వచ్చేస్తాయి.

అప్పుడు 97 లక్షల మీద 6%, 83 లక్షల మీద 8%. లాభం 12 లక్షల 46 వేలు. ఇక్కడ ఇంకో సంగతి. 12 లక్షలు కొద్దిగా దాటినవాళ్లకి, దాటినంత కంటే పన్ను ఎక్కువ పడకూడదని ఊరట ఉంది. మామూలుగా అయితే మీకు 66,900. కానీ మీరు దాటింది 46 వేలే కాబట్టి పన్ను 46 వేలు, సెస్సుతో 47,840.

ఇప్పటి నుంచి మార్చి 31 దాకా జరిగే 15 లక్షల్లో 12 లక్షలు క్యూఆర్ కోడ్ మీద తీసుకోగలిగితే లాభం 12 లక్షల 22 వేలకు దిగుతుంది. పన్ను సెస్సుతో 22,880.

82,680 ఎక్కడ, 22,880 ఎక్కడ. బుక్స్ అక్కర్లేదు, ఆడిట్ అక్కర్లేదు, ఐదేళ్ల తాడూ లేదు. మీరున్న చోట, అంటే 12 లక్షలకీ 12 లక్షల 70 వేలకీ మధ్య, క్యాష్ నుంచి యూపీఐకి మారే ప్రతి లక్ష మీకు 2,080 రూపాయల పన్ను తగ్గిస్తుంది. కౌంటర్ మీద ఈ అంకె రాసి పెట్టుకోండి.

---

నాగరాజు (కళ్యాణదుర్గం) · ఫిబ్రవరి 16, ఉదయం 8:40

అక్కా, ఇది నాకు ఇన్నాళ్లు ఎవరూ చెప్పలేదు. కుర్రాడు 'బ్యాంకులో ఎంత, మొత్తం ఎంత' అని రెండు అంకెలే అడిగేవాడు. తీసేస్తే మిగిలింది క్యాష్ అనుకునేవాడు.

కష్టం ఏంటంటే మా రైతులు. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ డబ్బులు అకౌంట్‌లోనే పడతాయి. శనక్కాయ డబ్బులూ కొందరికి బ్యాంకుకే వస్తాయి. మళ్లీ దాన్ని డ్రా చేసి నోట్లు తెచ్చి నాకిస్తారు. 'డబ్బు చేతిలో చూసుకోవాల' అంటారు. కొడుకులున్న ఇళ్లల్లో ఫోన్‌పే నడుస్తుంది, వాళ్లతో ఇబ్బంది లేదు.

---

చలపతి (రిటైర్డ్, కడప) · ఫిబ్రవరి 16, ఉదయం 11:30

వాణిజ్య పన్నుల శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. అందరూ పన్ను ఎలా తగ్గించాలా అని మాట్లాడుతున్నారు, ఒక్కరూ లాభం నిజంగా ఎంత అని అడగలేదు. పురుగుమందులు ఎక్కువ అమ్మే షాపుల్లో లాభం 12, 15 శాతం ఉన్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లు 44ఏడీలో 8% చూపించి ఇల్లు కట్టేస్తారు. 8% అనేది కనీసం. నిజమైన లాభం అంతకంటే ఎక్కువుంటే ఎక్కువే చూపించాలి. నాగరాజు గారికి తక్కువుంది కాబట్టి ఆయన సంగతి వేరు.

---

మహబూబ్_ఏజెన్సీస్ (కర్నూలు) · ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 1:10

సార్, బుక్స్ రాయనవసరం లేదని వాళ్లే అన్నాక, అసలు లాభం ఎంతో ఎలా తెలుస్తుంది? ఎక్కువ వచ్చిందని మనం చెప్తేనే ఎక్కువ. 44ఏడీ ఉద్దేశమే అది కదా.

---

చలపతి (రిటైర్డ్, కడప) · ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 1:45

చట్టంలో ఆ ముక్క మీరు చదివినట్టూ చదవొచ్చు, నేను చదివినట్టూ చదవొచ్చు. కానీ 8 లక్షల లాభం చూపించినవాడు అదే ఏడాది 40 లక్షల స్థలం రిజిస్ట్రేషన్ చేయిస్తే, డబ్బు ఎక్కడిదని అడుగుతారు. అప్పుడు 44ఏడీ కాపాడదు.

---

పద్మజ (అకౌంట్స్, అనంతపురం) · ఫిబ్రవరి 16, రాత్రి 9:00

చలపతి సార్ చెప్పిన చివరి మాటతో నాకు పేచీ లేదు. మొదటి మాట మీద మా ఆఫీసులోనే ఇద్దరం రెండు రకాలుగా అంటాం, తేలదు. నేనైతే క్లయింట్లకి చేతికొచ్చిన లాభం కంటికి కనబడేంత ఎక్కువుంటే ఎక్కువే చూపించమంటాను.

నాగరాజు గారికి ఇంకో మూడు జాగ్రత్తలు.

షాపులో అబ్బాయి సొంత నంబర్‌కి ఫోన్‌పే తీసుకోవద్దు. షాపు అకౌంట్ క్యూఆర్ ఒక్కటే పెట్టండి. అబ్బాయి సేవింగ్స్ అకౌంట్‌లో ఆరేడు లక్షలు పడితే రేపు అది ఎవరి ఆదాయమన్న ప్రశ్న వస్తుంది. మీ డిజిటల్ లెక్కా చెదిరిపోతుంది.

ఎవరైనా పెద్ద రైతు పాత బాకీ కింద రెండు లక్షలు, ఆ పైన ఒకే రోజు క్యాష్ ఇస్తే తీసుకోవద్దు. 44ఏడీలో ఉన్నా ఆ నిషేధం వర్తిస్తుంది, తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడొచ్చు.

టర్నోవర్ దాచే ఆలోచన ఎవరైనా చెప్తే వినొద్దు. మీ జీఎస్టీ రిటర్నుల్లోని టర్నోవర్ ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల ఏఐఎస్‌లో కనిపిస్తుంది. పైగా సబ్సిడీ ఎరువులు ఈ-పాస్ మిషన్‌లో ఆధార్ మీద అమ్ముతారు కదా, బస్తా బస్తాకీ రికార్డుంది.

---

నాగరాజు (కళ్యాణదుర్గం) · ఫిబ్రవరి 17, ఉదయం 6:55

అబ్బాయి నంబర్ సంగతి మీకెట్లా తెలిసిందక్కా! ఈ రోజే తీసేయిస్తా.

ఒక్క అనుమానం. పాత పద్ధతిలో వేస్తే ఎల్‌ఐసీ, పిల్లల ఫీజులు చూపించొచ్చని మా బామ్మర్ది అంటున్నాడు.

---

పద్మజ (అకౌంట్స్, అనంతపురం) · ఫిబ్రవరి 17, ఉదయం 7:20

వద్దు. పాతదాంట్లో 5 లక్షలు దాటితే రిబేట్ పోతుంది. మీ 13.30 లక్షల్లోంచి లక్షన్నర తీసేసినా పన్ను లక్షా అరవై వేలు దాటుతుంది. బామ్మర్దికి జీతం, హోమ్ లోను ఉంటే ఆయన లెక్క వేరేగా ఉండొచ్చు.

---

రమేష్_మనీట్రాన్స్‌ఫర్ (ఆదోని) · ఫిబ్రవరి 17, మధ్యాహ్నం 12:40

నాది రీఛార్జ్, మనీ ట్రాన్స్‌ఫర్ షాపు. రోజుకు లక్ష రూపాయలు తిరుగుతాయి, నాకు కమీషన్ మాత్రమే. ఆ లెక్కన ఏడాదికి మూడు కోట్లు దాటుతుంది, దాని మీద 6% అంటే నేను ఊరొదిలిపోవాలి. ఎట్లా చూపించాలి?

---

పద్మజ (అకౌంట్స్, అనంతపురం) · ఫిబ్రవరి 17, రాత్రి 8:30

రమేష్ గారూ, తిరిగేది మీ టర్నోవర్ కాదు, మీ చేతిలో పడే కమీషనే మీ రాబడి. కమీషన్ వ్యాపారానికి 44ఏడీ అసలు వర్తించదు. కమీషన్‌లోంచి బాడుగ, కరెంటు లాంటివి తీసేసి లాభం చూపించాలి. ఊరొదలాల్సిన పని లేదు.

---

సుబ్బు_ట్రేడర్స్ (కర్నూలు) · ఫిబ్రవరి 17, రాత్రి 10:15

అంతా విన్నాను అక్కా. కానీ ఒకటి అడుగుతా. నాగరాజన్న ఇచ్చిన 42 లక్షల ఉద్దరలో ఐదారు లక్షలు మునిగిపోతే? 44ఏడీలో అది కూడా అమ్మకమే, దాని మీదా 8% లాభమే. బుక్స్‌లో అయితే ఆ ఐదారు లక్షలు మొండిబాకీ కింద కొట్టేయొచ్చు. అప్పుడు ఏది మేలు?

---

పద్మజ (అకౌంట్స్, అనంతపురం) · ఫిబ్రవరి 18, ఉదయం 7:10

ఈసారి మంచి ప్రశ్న వేశారు. 44ఏడీలో ఖర్చులన్నీ తీసేసినట్టే లెక్క. మునిగిన బాకీ గానీ, ఓడీ వడ్డీ గానీ విడిగా తీసుకోవడం కుదరదు. నష్టం వస్తే తర్వాతి ఏళ్లకు మోసుకెళ్లడమూ కుదరదు. ఆరు లక్షలు మునిగితే నాగరాజు గారికి ఈ ఏడు నిజంగా మిగిలేది యాభై వేలు, ఆయన కట్టేది మాత్రం 12 లక్షల లాభం మీద.

కానీ ఈ ఏడాది వరకు పన్ను పరంగా చూస్తే, బుక్స్‌లో ఆరున్నర లక్షలైనా యాభై వేలైనా పన్ను సున్నాయే. ఆ బాకీ కొట్టేయడం వల్ల కొత్తగా తగ్గే పన్ను ఏమీ లేదు. అదే ఒక ఏడాది 25, 30 లక్షలు మునిగి పెద్ద నష్టం వచ్చిందనుకోండి, దాన్ని మోసుకెళ్లి తర్వాతి ఏళ్లలో తగ్గించుకోవడానికి బుక్స్ ఉండాలి. కరువు జిల్లాలో ఎరువుల షాపుకి అది జరగని పనేం కాదు. అలాంటి ఏడాది వస్తే అప్పుడు బయటికి రావాలా అన్నది ఆ ఏటి లెక్కతో చూడాల్సిందే. ఇప్పుడే చెప్పలేను.

బుక్స్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి ఇంకో మాట. అక్కడ అన్ని ఖర్చులూ చెల్లవు. ఒకే మనిషికి ఒకే రోజు పది వేలకు మించి క్యాష్ ఇస్తే ఆ ఖర్చును ఒప్పుకోరు. లారీవాళ్లకైతే 35 వేల దాకా వెసులుబాటు. బుక్స్ రాస్తే ఇంటి ఖర్చూ కలిపేయొచ్చని అనుకునేవాళ్లు ఆడిటర్ దగ్గరే ఆగిపోతారు.

నాగరాజు గారూ, చివరిగా ఒకటి సరిచూడండి. ఆ 55 లక్షల్లో పోయినేటి బాకీలు వసూలైనవి ఉన్నాయా? ఉంటే తీసేయాలి. అవి పోయినేటి అమ్మకాలు, పోయినేడే లెక్కలోకి వచ్చాయి. ఈ ఏటి 6% లో వాటికి చోటు లేదు.

---

నాగరాజు (కళ్యాణదుర్గం) · ఫిబ్రవరి 21, రాత్రి 10:30

నాలుగు రోజులు పట్టింది, ఖాతా పుస్తకం బ్యాంకు స్టేట్‌మెంట్‌తో కలిపి చూశా. పోయినేటి బాకీలు 4 లక్షలు అందులో ఉన్నాయి. అంటే ఈ ఏటిది 51. ఉద్దర, మార్చి అమ్మకం కలిపితే డిజిటల్ 1 కోటి 5 లక్షలు, క్యాష్ 75 లక్షలు. లాభం 12 లక్షల 30 వేలు. పన్ను 30 వేలు, సెస్సుతో 31,200. సరేనా అక్కా?

---

పద్మజ (అకౌంట్స్, అనంతపురం) · ఫిబ్రవరి 22, ఉదయం 8:00

సరే. 44ఏడీలో ఉన్నవాళ్లు అడ్వాన్స్ ట్యాక్స్ మొత్తం మార్చి 15 లోపు ఒకేసారి కట్టాలి. దాటితే వడ్డీ. 31,200 కట్టేయండి. ఉద్దర అనుకున్నట్టు డిజిటల్‌గా రాకపోతే రిటర్న్ అప్పుడు తేడా కడుతారు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వస్తోంది, సెక్షన్ నంబర్లు మారతాయి. మీ ఈ ఏటి లెక్క మాత్రం పాత చట్టం కిందే, కంగారుపడొద్దు.

---

గాజుల కొట్టు వాణి (కడప) · ఫిబ్రవరి 22, ఉదయం 9:15

పద్మజ గారూ, నేను నిజంగానే జీఎస్టీ ఒక్కటే కడుతున్నా. టర్నోవర్ 38 లక్షలు. వేరే పోస్టు పెడతా, తిట్టకండి.

---

నాగరాజు (కళ్యాణదుర్గం) · మార్చి 16, సాయంత్రం 7:45

13న కట్టేశాను, చలానా తీసి పెట్టుకున్నా. మార్చి అమ్మకాల్లో ఇప్పటిదాకా ఎనిమిది లక్షలు క్యూఆర్ మీదే వచ్చాయి. కౌంటర్ మీద '1 లక్ష = 2,080' అని అట్టముక్క మీద రాసి పెట్టా, పనబ్బాయి ఇది లాటరీ నంబరా అని అడిగాడు.

ఈ పొద్దున ఒక పెద్దాయన ఈ ఏటి బాకీ లక్షా అరవై వేలు గుడ్డసంచిలో తెచ్చాడు. రెండు లక్షల లోపే కాబట్టి తీసుకోవచ్చు గానీ, బ్యాంకు పక్కనే ఉంది, అకౌంట్‌లో వేసుకుని నాకు ట్రాన్స్‌ఫర్ చెయ్ మామా అన్నా. 'నీ బాకీ నీకు తెచ్చిచ్చినా, మళ్లీ బ్యాంకులో నిలబడమంటావా' అని సంచి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. లెక్కేసుకుంటే నాకు 3,328 రూపాయలు. ఆయనకి టీ కూడా నేనే తాపించా.